అద్దె అగ్రిమెంట్‌ని ఖాళీ చేసే రోజు నుంచి వెనక్కి చదవండి

(ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న యువతీయువకుల కోసం హైదరాబాద్‌లో ఒక న్యాయవాది చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఇన్నాళ్లూ హాస్టల్లోనో పీజీలోనో ఉన్నారు. ఇప్పుడు మొదటిసారి మీ పేరు మీద ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకోబోతున్నారు. నా పనిలో అద్దె అగ్రిమెంట్లు రాయడం ఉంది, వాటి మీద తగాదా వచ్చాక నోటీసులు ఇవ్వడమూ ఉంది. తగాదాతో వచ్చినవాళ్లని నేను ముందు అడిగేది, "అగ్రిమెంట్ చదివారా?" అని. ఎక్కువమంది చదివామనే అంటారు. వాళ్లు చదివింది అద్దె ఎంత, ఎన్నో తారీఖుకి కట్టాలి, ఏడాదికి ఎంత శాతం పెరుగుతుంది అన్నంత వరకే. అంటే ఇంట్లో ఉన్నన్నాళ్లూ పనికొచ్చే భాగం. గొడవలు మాత్రం దాదాపు అన్నీ ఖాళీ చేసేటప్పుడే వస్తాయి. అందుకే ఈరోజు ఖాళీ చేసే రోజుకి సంబంధించిన మూడు క్లాజుల గురించే మాట్లాడతాను. లాకిన్, అంటే ఇన్ని నెలల లోపు ఖాళీ చేయకూడదన్న షరతు, నోటీసు, అడ్వాన్స్ వాపసు. మనవాళ్లు డిపాజిట్‌ని అడ్వాన్స్ అనే అంటారు కాబట్టి నేనూ అదే మాట వాడతాను.

ఈ మూడూ కాగితంలో మూడు చోట్ల ఉంటాయి. లాకిన్ రెండో పేజీలో ఉంటే, అడ్వాన్స్ సంగతి మొదటి పేజీలో సగం, చివరి పేజీలో సగం ఉంటుంది. విడివిడిగా చదివితే ఏదీ అన్యాయంగా కనిపించదు. మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఫలానా తేదీన నేను ఖాళీ చేస్తే నా చేతికి ఎంత వస్తుంది అని లెక్క వేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఒక ఉదాహరణతో ఆ లెక్క వేద్దాం.

కొండాపూర్‌లో ఒక టూ బీహెచ్‌కే ఫ్లాట్ అనుకోండి. అద్దె 22,000. అడ్వాన్స్ రెండు నెలలది, 44,000. అగ్రిమెంట్ 2025 జూన్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 దాకా, 11 నెలలు. అందులో మూడు మాటలు ఉన్నాయి. ఒకటి, మొదటి ఆరు నెలలు లాకిన్, ఆలోపు ఖాళీ చేస్తే మిగిలిన లాకిన్ నెలల అద్దె కట్టాలి. రెండు, లాకిన్ పూర్తయ్యాక ఏ పక్షమైనా రెండు నెలల రాతపూర్వక నోటీసు ఇచ్చి అగ్రిమెంట్ ముగించవచ్చు. మూడు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుని, బకాయిలు, డామేజీలు పోగా మిగతా అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడును. హైదరాబాద్‌లో ఇలాంటి అగ్రిమెంట్ మీకు రేపే ఎదురుకావచ్చు. ఇందులో వింతగా ఏమీ లేదు.

ఆ ఇంట్లో దిగినమ్మాయికి సెప్టెంబర్ 5న కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, అక్టోబర్ నుంచి పుణెలో పని చేయాలని. ఆమె అదే రోజు ఓనరుకి చెప్పింది, సెప్టెంబర్ 30న ఖాళీ చేస్తానని. నాలుగు నెలలు ఉన్నట్టు లెక్క. ఇప్పుడు ఆమె ఎంత కట్టాలి?

లాకిన్ నవంబర్ 30 దాకా ఉంది. కాబట్టి అక్టోబర్, నవంబర్ అద్దె, 44,000. ఆమె అనుకున్నదేమిటంటే, సెప్టెంబర్ 5న చెప్పేశాను కదా, రెండు నెలల నోటీసు ఎలాగూ నవంబర్ మొదటి వారానికే అయిపోతుంది, లాకిన్ నెలల్లోనే నోటీసూ కలిసిపోతుంది అని. అలా చూసినా అడ్వాన్స్ 44,000 మొత్తం అక్కడికే సరిపోయింది. పైన పెయింటింగ్ 22,000 ఉంది. అంటే అడ్వాన్స్ వాపసు రావడం అటుంచి, ఆమే ఇంకో 22,000 ఇవ్వాలి. ఇది ఆమెకి అనుకూలంగా చదివితే వచ్చే లెక్క.

ఓనరు అదే కాగితాన్ని ఇంకోలా చదివాడు. "లాకిన్ పూర్తయ్యాక నోటీసు ఇచ్చి" అని ఉంది కదమ్మా, లాకిన్ లోపల ఇచ్చిన నోటీసు చెల్లదు అన్నాడు. డిసెంబర్ 1న నోటీసు ఇస్తే జనవరి 31కి పూర్తవుతుంది. అక్టోబర్ నుంచి జనవరి దాకా నాలుగు నెలలకి 88,000. పెయింటింగ్ 22,000. మొత్తం 1,10,000. అడ్వాన్స్ 44,000 పోతే ఆమె ఇంకా ఇవ్వాల్సింది 66,000.

ఒకే వాక్యం, రెండు అర్థాలు, మధ్యలో 44,000 తేడా. ఆరు నెలల లాకిన్ అనుకుని సంతకం పెట్టింది, ఓనరు చదివిన తీరులో అది ఎనిమిది నెలలు అయింది. ఆ వాక్యం కావాలని అలా రాశారని నేను అనను. డాక్యుమెంట్ రైటర్ దగ్గర కంప్యూటర్లో ఒక నమూనా ఉంటుంది, పేర్లూ తేదీలూ మార్చి ప్రింట్ ఇస్తారు. ఓనరూ చదవడు, మీరూ చదవరు. ఖాళీ చేసే రోజున మాత్రం ఇద్దరూ చాలా శ్రద్ధగా చదువుతారు.

ఇదే ఇల్లు, ఇదే అద్దె, కానీ మాటలు వేరేగా ఉన్నాయి అనుకోండి. లాకిన్ మూడు నెలలు. నోటీసు ఒక నెల, ఎప్పుడైనా ఇవ్వవచ్చు, లాకిన్ లోపల కూడా. పెయింటింగ్‌కి బిల్లు చూపించి అయినంతే పట్టుకోవాలి. ఇప్పుడు ఆగస్టు 31కే లాకిన్ అయిపోయింది. సెప్టెంబర్ 5 నోటీసు అక్టోబర్ 5కి పూర్తయింది. ఆ ఐదు రోజుల అద్దె దాదాపు 3,550. అడ్వాన్స్‌లోంచి అది పోయి, పెయింటింగ్ బిల్లు పోయి మిగతాది చేతికి వస్తుంది. సంతకానికి ముందు ఈ మాటలు అడగడానికి పది నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు ఒక్కో క్లాజునీ కొంచెం దగ్గరగా చూద్దాం. మీరు ఎక్కువగా దెబ్బతినేది అడ్వాన్స్ దగ్గర కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

"తిరిగి ఇవ్వబడును" అన్న మాట దాదాపు అన్ని అగ్రిమెంట్లలోనూ ఉంటుంది. ఎప్పుడు అన్నది ఉండదు. కొన్నింట్లో "కొత్త అద్దెదారు వచ్చిన తర్వాత" అని ఉంటుంది. ఆ మాటకి ఒప్పుకున్నారంటే, మీ డబ్బు ఎప్పుడొస్తుందో ఎవరో తెలియని మనిషి చేతిలో పెట్టినట్టే. ఓనరు ఇంటికి రంగులు వేయించి, అద్దె పెంచి, ఆరు నెలలు టులెట్ బోర్డు పెట్టుకున్నా మీరు అడగలేరు. కాబట్టి తేదీ రాయించుకోండి. "ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించిన రోజునే" అంటే అన్నింటికన్నా మంచిది. ఓనరు కరెంటు బిల్లు రావాలి, చూసుకోవాలి అంటే 15 రోజులు ఇవ్వండి. ఇది మీరు ఏదో గొంతెమ్మ కోరిక కోరినట్టు కాదు. కేంద్రం 2021లో ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. అందులో నివాస గృహాలకి డిపాజిట్ రెండు నెలల అద్దెకి మించకూడదని, బాకీలు మినహాయించుకుని, ఓనరు ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజే తిరిగి ఇవ్వాలని ఉంది. అది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రం దాన్ని చట్టంగా చేసుకుంటే అక్కడే వర్తిస్తుంది. అయినా ఓనరుతో మాట్లాడేటప్పుడు "నేను అడిగేది అందరూ సబబు అనుకునేదే అంకుల్" అని చూపించడానికి పనికొస్తుంది. బెంగళూరు వెళ్లేవాళ్లకి ఈ మాట ఇంకా ముఖ్యం. అక్కడ ఐదారు నెలల అద్దె అడ్వాన్స్‌గా అడగడం మామూలే, పది నెలలు అడిగే చోట్లూ ఉన్నాయి. రెండు లక్షలు ఇరుక్కుపోతే ఆ బాధ వేరు.

తర్వాత, దేనికి పట్టుకుంటారు అన్నది. "డామేజీలు" అన్న ఒక్క మాటలో ఏదైనా పడుతుంది. గోడకి మేకు కొడితే డామేజీ, రెండేళ్లకి గోడ రంగు వెలిసినా డామేజీయే అంటారు. చట్టం దృష్టిలో ఈ రెండూ ఒకటి కాదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లో 108వ సెక్షన్ ప్రకారం, దిగినప్పుడు ఇల్లు ఎలా ఉందో అలా అప్పగించాలి, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకి మాత్రం మినహాయింపు ఉంది. ఈ "వాడకం వల్ల వచ్చే సహజ అరుగుదల మినహా" అన్న మాట మీ అగ్రిమెంట్లో ఉందో లేదో చూడండి, లేకపోతే చేర్పించండి. అగ్రిమెంట్ ఇంగ్లిష్‌లో ఉంటే "నార్మల్ వేర్ అండ్ టేర్" అని ఉంటుంది.

మాట ఉన్నా, దిగిన రోజు ఇల్లు ఎలా ఉందో రుజువు లేకపోతే లాభం లేదు. సామాను ఎక్కించకముందే ఖాళీ ఇల్లు ఒకసారి తిరగండి. ఫోన్లో వీడియో తీస్తూ నోటితో చెబుతూ వెళ్లండి. హాల్లో ఫ్యాన్ ఒకటి, రెగ్యులేటర్ పనిచేయడం లేదు. వంటగది సింక్ పక్కన గ్రానైట్ మూల విరిగి ఉంది. మాస్టర్ బెడ్రూమ్‌లో బాత్రూమ్ వైపు గోడ కింద చెమ్మ, పెయింట్ పొంగింది. బాత్రూమ్ తలుపు కింద చెక్క ఉబ్బింది. గీజర్ ఆన్ చేస్తే లైట్ వెలుగుతోంది. కరెంటు మీటర్ రీడింగ్ ఇదీ. ఆ వీడియో అదే రోజు ఓనరుకి వాట్సాప్‌లో పంపండి, "అంకుల్, ఈరోజు దిగేటప్పుడు ఇల్లు ఇలా ఉంది" అని ఒక్క లైను రాసి. బ్లూ టిక్ పడినా చాలు, ఆయన "ఓకే" అంటే ఇంకా మంచిది. ఆ గోడ చెమ్మ సంగతి ముఖ్యంగా చెబుతున్నాను. పైప్ లీకేజీ ఇంటి లోపం, మీ వాడకం కాదు. కానీ ఏడాది తర్వాత ఆ గోడ పాడయ్యాక, మీరు దిగినప్పుడే ఉందని ఎవరు చెబుతారు?

పెయింటింగ్ సంగతి. హైదరాబాద్‌లో ఒక నెల అద్దె పట్టుకోవడం చాలామంది ఓనర్లకి అలవాటు. నాలుగు నెలలున్నా, నాలుగేళ్లున్నా ఒకటే. మీరు పూర్తిగా వద్దనలేకపోవచ్చు. కానీ రెండు రకాలుగా తగ్గించుకోవచ్చు. బిల్లు ప్రకారం అయినంతే, ఒక నెల అద్దెకి మించకుండా అని రాయించుకోవడం ఒకటి. 12 వేలకి అయిపోయే పనికి 22,000 ఇవ్వక్కర్లేదు. రెండోది, మీరు దిగేముందు ఇంటికి కొత్తగా రంగులు వేయకపోతే ఈ క్లాజు వర్తించదని రాయించుకోవడం. పాత రంగుల ఇంట్లో దిగి, కొత్త రంగుల డబ్బు ఇవ్వడం ఎందుకు?

ఇంకొకటి, అడ్వాన్స్ ఎవరి ఖాతాలో వేస్తున్నారు? హైదరాబాద్‌లో ఎన్నో ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలో ఉంటారు. ఇక్కడ బావమరిదో, వాచ్‌మన్నో, బ్రోకరో చూసుకుంటారు. అగ్రిమెంట్ మీద సంతకం చేసింది ఎవరు, డబ్బు అందుకున్నది ఎవరు, తిరిగి ఇవ్వాల్సింది ఎవరు, ముగ్గురూ ఒకరే అయి ఉండాలి. వేరేవాళ్లు సంతకం చేస్తుంటే, తన తరఫున సంతకం చేసే అధికారం ఇస్తూ ఓనరు రాసిచ్చిన జీపీఏ కాపీ అడగండి. టోకెన్ అడ్వాన్స్ 5,000 బ్రోకర్‌కి ఫోన్‌పే చేశారనుకోండి, అది 44,000లో భాగమని అగ్రిమెంట్లో ఉందా? నగదు వద్దు. బ్యాంకు ఖాతాలో వేసి, ఆ ట్రాన్సాక్షన్ నంబర్ అగ్రిమెంట్లోనే రాయించండి. 11 నెలల అగ్రిమెంట్లు ఎక్కువగా స్టాంపు పేపర్ మీద రాసి నోటరీ చేయించినవే, రిజిస్టర్ అయినవి కావు. అలాంటి కాగితానికి కోర్టులో బలం తక్కువ. మీ బ్యాంకు ఎంట్రీ, మీ వాట్సాప్ మెసేజీలే అప్పుడు మీకు ఆధారం. పంచుకుని ఉండేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. నలుగురు కలిసి ఉంటూ ఒకరి పేరు మీదే అగ్రిమెంట్ ఉంటే, మధ్యలో వెళ్లిపోయేవాడికి ఓనరు ఏమీ ఇవ్వడు. అతని వాటా అడ్వాన్స్ కొత్తగా వచ్చేవాడి దగ్గర తీసుకోవాలని ముందే మీలో మీరు రాసుకోండి.

ఇక లాకిన్. ముందు ఒక ప్రశ్న అడగండి. ఈ లాకిన్ నాకేనా, మీకూ ఉందా? చాలా కాగితాల్లో అద్దెదారు ఆరు నెలల దాకా కదలకూడదని ఉంటుంది, ఓనరు మాత్రం ఎప్పుడైనా నోటీసు ఇవ్వవచ్చు. దిగిన రెండో నెలలో ఇల్లు అమ్ముడుపోయిందనో, అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడనో ఖాళీ చేయమంటే, బ్రోకర్‌కి ఇచ్చిన డబ్బు, ప్యాకర్స్ ఖర్చు అన్నీ మీకు దండగే. ఇద్దరికీ వర్తించాలని రాయించుకోండి.

లాకిన్ మధ్యలో వెళ్తే మిగిలిన అద్దె మొత్తం కట్టాల్సిందేనా? ఇక్కడ చట్టం కొంత మీ వైపు ఉంది. కాంట్రాక్టు చట్టం, 1872లో 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత ఇవ్వాలని ముందే రాసుకున్నా, అవతలివాళ్లకి దక్కేది తగిన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి పై పరిమితి. మన ఉదాహరణలో నవంబర్ 1కే ఆ ఫ్లాట్‌లో ఇంకొకరు దిగిపోయారనుకోండి. నవంబర్ నెలకి ఇద్దరి దగ్గరా అద్దె తీసుకోవడం సబబేనా అని మీరు అడగవచ్చు. కానీ ఉన్నమాట చెప్పాలి కదా. డబ్బు ఓనరు చేతిలో ఉంది. 22,000 కోసం పుణె నుంచి వచ్చి హైదరాబాద్ కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు? అందుకని ఆ న్యాయాన్ని ముందే అగ్రిమెంట్లోకి తెచ్చుకోండి. "లాకిన్‌లో ఖాళీ చేసినా, కొత్త అద్దెదారు దిగిన రోజు నుంచి పాత అద్దెదారుకి బాధ్యత ఉండదు" అన్న ఒక్క వాక్యం. దీనికి ఒప్పుకునే ఓనర్లు చాలామందే ఉంటారు, ఎందుకంటే ఆయనకి ఇల్లు ఖాళీగా ఉండకపోవడమే కావాలి. కొత్తవాళ్లని మీరే తెచ్చి చూపించే వీలు కూడా అందులో రాయండి. ఉద్యోగం వల్ల వేరే ఊరికి బదిలీ అయితే, కంపెనీ లెటర్ చూపిస్తే లాకిన్ వర్తించదని అడిగి చూడండి. మీలాంటి వాళ్లకి అదే ముఖ్యం.

లాకిన్ విషయంలో ఎవరూ గమనించనిది ఇంకోటి ఉంది. 11 నెలలు అయ్యాక మళ్లీ అగ్రిమెంట్ రాస్తారు. పాతదాన్నే తేదీలు, అద్దె మార్చి ప్రింట్ తీస్తారు. అందులో లాకిన్ క్లాజు అలాగే ఉంటుంది. అంటే ఏడాదిగా ఉంటున్న ఇంట్లో మీకు మళ్లీ ఆరు నెలల లాకిన్ మొదలైంది. రెన్యువల్‌లో ఆ క్లాజు తీసేయించండి. పాత అడ్వాన్స్ 44,000 ఈ అగ్రిమెంట్ కిందకి వచ్చిందని కూడా రాయించండి, లేకపోతే కొత్త కాగితంలో అడ్వాన్స్ ఊసే ఉండదు.

నోటీసు గురించి ఎక్కువ చెప్పను. ఒప్పందంలో ఏమీ రాసుకోకపోతే, నెలవారీ అద్దె ఇంటికి చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. కానీ రాసుకున్నాక రాసుకున్నదే చెల్లుతుంది. ఒక నెల సరిపోతుంది, ఇద్దరికీ సమానంగా ఉండాలి. చూసుకోవాల్సింది రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతారన్నది. "నోటీసు మరుసటి నెల 1వ తేదీ నుంచి లెక్క" అని ఉంటే, సెప్టెంబర్ 5న ఇచ్చిన నెల నోటీసు అక్టోబర్ 31కి గానీ పూర్తికాదు. 26 రోజుల అద్దె అదనం. ఇచ్చిన రోజు నుంచే అని మార్పించండి. వాట్సాప్ లేదా ఈమెయిల్‌లో ఇచ్చినా చెల్లుతుందని రాసి, ఆ నంబర్లు, ఈమెయిల్ అడ్రసులు అక్కడే పెట్టండి. ఫోన్లో చెప్పాను సార్ అంటే అది నోటీసు కాదు.

ప్రశ్నలుంటే అడగండి.

ఒకబ్బాయి: సార్, నోటీసు నెలల్లో అద్దె కట్టకుండా అడ్వాన్స్‌లో పట్టుకోమంటే సరిపోతుంది కదా? మా ఫ్రెండ్స్ అందరూ అలాగే చేస్తారు.

ఓనరు ఒప్పుకుంటే చక్కగా సరిపోతుంది. కానీ "అడ్వాన్స్‌ని అద్దెకి సర్దుబాటు చేయరాదు" అని అగ్రిమెంట్లో ఉంటే, మీరు చెప్పకుండా ఆపేసిన నెల అద్దె బాకీ అవుతుంది, తప్పు మీ వైపు చేరుతుంది. అంతకన్నా ముందే అడగండి. రెండు నెలల అడ్వాన్స్‌లో ఒక నెలది చివరి నెల అద్దెకి సర్దుబాటు, రెండోది డామేజీలు, బిల్లుల కోసం, అని రాయించుకుంటే ఇద్దరికీ భయం ఉండదు.

ఒకమ్మాయి: సార్, నేను పోయిన నెలే సంతకం పెట్టేశాను. లాకిన్ ఆరు నెలలు, నోటీసు రెండు నెలలు, మీరు చెప్పినట్టే ఉంది. ఇప్పుడేమైనా చేయొచ్చా?

చేయొచ్చమ్మా. ఓనరుతో సంబంధాలు బాగున్నప్పుడే చేయాలి, ఖాళీ చేస్తానని చెప్పాక కాదు. అగ్రిమెంట్ మార్చమని అడగకండి, ఆయనకి టెన్షన్ పుడుతుంది. "అంకుల్, ఒక చిన్న డౌట్ ఉంది, లాకిన్‌లోపల కూడా నోటీసు ఇవ్వొచ్చు కదా, లాకిన్ నెలల్లోనే నోటీసు కూడా కలిసిపోతుంది కదా" అని మెసేజ్ పెట్టండి. అవునంటే ఆ మెసేజ్ దాచుకోండి. తర్వాత వీలు చూసుకుని, పాత అగ్రిమెంట్ తేదీ రాసి, "పై క్లాజులకి అర్థం ఇదీ, అడ్వాన్స్ తాళాలు ఇచ్చిన 15 రోజుల్లో వాపసు" అని ఒక పేజీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. కాదు, లాకిన్ అయ్యాకే నోటీసు అని ఆయన అంటే, మీకు ఎనిమిది నెలల దాకా బాధ్యత ఉందని ఇప్పుడే తెలిసినట్టు. దిగి నెలే అయింది కదా, ఇంటి వీడియో ఇంకా తీయకపోతే మాత్రం ఈ సాయంత్రమే తీసి పంపండి.